మార్చి నెలలో పెట్టే ప్రసూతి సెలవు దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల జాతీయ ఆరోగ్య మిషన్ డైరెక్టర్ గార్లకు,

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన హెడ్ నర్సుని. ఇప్పటికీ స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏఎన్ఎంలు సెలవు దరఖాస్తులు రాసుకునేటప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏడాదిలో ఏ నెలలోనైనా వస్తారు గానీ జనవరి దాటాక వచ్చేవాళ్ల ముఖాల్లో భయం వేరుగా ఉంటుంది. కాంట్రాక్టు మార్చి 31తో ముగుస్తుంది. రెన్యువల్ ప్రొసీడింగ్స్ ఇంకా రాలేదు. కడుపులో బిడ్డ మాత్రం ప్రొసీడింగ్స్ కోసం ఆగదు. ఇప్పుడు సెలవు అడగాలా, రెన్యువల్ అయ్యేదాకా ఆగాలా? ఈ ఒక్క ప్రశ్న గురించే మీకు రాస్తున్నాను.

మన కాంట్రాక్టులు ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటాయి. పోస్టు కొనసాగడానికి కేంద్రం ఆమోదం కావాలి, రాష్ట్రం నుంచి ఆదేశం రావాలి, ఆపైన జిల్లాలో పని తీరు చూసి పేరుపేరునా ప్రొసీడింగ్స్ ఇవ్వాలి. ఈ మూడూ మార్చి 31లోపు పూర్తయితే మంచిదే. పూర్తికాకపోతే ఏప్రిల్ ఒకటిన జనం మామూలుగానే డ్యూటీకి వస్తారు, కాగితం వెనక తేదీతో తర్వాత వస్తుంది. రోజూ వచ్చేవాళ్లకు దీనివల్ల జీతం ఆలస్యమవుతుంది, అంతే. సెలవులో ఉన్న మనిషికి మాత్రం ఆ ఖాళీ రోజులే ప్రమాదం. ఆమె పాత కాంట్రాక్టులోనూ లేదు, కొత్త దాంట్లోనూ లేదు, సీట్లో కూడా లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. తేదీలు కళ్లకు కట్టాలని నేను పెట్టుకున్నవి. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ ఉంది. నాలుగేళ్లుగా ఏటా రెన్యువల్ అవుతోంది. డాక్టరమ్మ కాన్పు తేదీ మే 20 అని రాసిచ్చింది. చట్టం ప్రకారం ఆమెకు మొత్తం ప్రసూతి సెలవు 26 వారాలు, అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది ఎనిమిది వారాలు. మే 20 నుంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెడితే మార్చి 25 వస్తుంది. ఆ రోజు మొదలుపెడితే 26 వారాలు సెప్టెంబర్ 22తో పూర్తవుతాయి. మధ్యలో మార్చి 31 ఉంది. ఆఫీసులో ఫైలు చూసే గుమాస్తా, కాంట్రాక్టు ఉన్నంతవరకే సెలవు అనుకుని, మార్చి 25 నుంచి 31 వరకు ఏడు రోజులకు మంజూరు రాస్తాడు. 182 రోజులు రావలసిన మనిషికి ఏడు రోజులు. ఆయన్ని నేను తప్పుపట్టను. అలా రాయకూడదని ఆయనకు ఎవరూ కాగితం మీద చెప్పలేదు.

సరిగ్గా ఇలాంటి లెక్కే ఢిల్లీలో ఒక కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డాక్టర్ కబితా యాదవ్ అక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పాథాలజీ విభాగంలో కాంట్రాక్టు మీద సీనియర్ రెసిడెంటుగా పనిచేశారు. ఆ ఉద్యోగానికి గరిష్ఠ కాలం మూడేళ్లు. అది 2017 జూన్ 11తో ముగుస్తుంది. ఆమె జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. ఆసుపత్రి పదకొండు రోజులకే ఒప్పుకుంది. ట్రిబ్యునల్‌లో ఓడిపోయారు, ఢిల్లీ హైకోర్టులోనూ ఓడిపోయారు. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. ప్రసూతి ప్రయోజనం కాంట్రాక్టు ముగిసిన రోజుతో ఆగిపోదని, అర్హత ఒకసారి ఏర్పడ్డాక ఆ గడువు దాటి కూడా పూర్తి కాలానికి చెల్లించాలని చెప్పింది. రావలసిన డబ్బు మూడు నెలల్లో ఇవ్వమంది. అప్పటికి ఆ బిడ్డకు ఆరేళ్లు వచ్చి ఉంటాయి.

ఈ తీర్పులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఆమె కేసులో రెన్యువల్ అనే మాటే లేదు. మూడేళ్ల తర్వాత ఆ కాంట్రాక్టును పొడిగించే వీలే లేదు. అయినా కోర్టు పూర్తి ప్రయోజనం ఇవ్వమంది. మరి పోస్టు కొనసాగుతూ, ఏటా అదే మనిషికి రెన్యువల్ అవుతున్నచోట, "రెన్యువల్ తేలలేదు కాబట్టి సెలవు గురించి తర్వాత చూద్దాం" అనడానికి ఆధారం ఏముంది? రెన్యువల్ అవుతుందా లేదా అన్న దానితో సంబంధం లేకుండా సెలవు డబ్బు తేలిపోవాలి. అర్హతకు చట్టం చూసేది ఒక్కటే: కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి. మన ల్యాబ్ టెక్నీషియన్ మార్చి 24 దాకా పని చేసింది. 80 రోజులు ఎప్పుడో దాటేసింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలోకి 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఈ 26 వారాలు, ఈ 80 రోజులు అందులోనూ అలాగే ఉన్నాయి.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో కొందరు దీన్ని ఎక్కువగా ఊహించుకుంటారు. ఆ తీర్పు సెలవు డబ్బు ఇప్పిస్తుంది. ఉద్యోగం ఇప్పించదు. కాంట్రాక్టు ఉద్యోగికి పోస్టు మీద శాశ్వత హక్కు లేదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, అది అలాగే ఉంది. కడుపుతో ఉన్నందుకు, సెలవులో ఉన్నందుకు తీసేయకూడదని చట్టం అంటుంది. గడువు ముగిసిన కాంట్రాక్టును పొడిగించకపోవడం తీసేయడం కిందికి వస్తుందా అంటే అక్కడ వాదన మొదలవుతుంది. వాళ్ల భయమంతా ఆ సందులోనే ఉంది. సెలవు అడిగితే డబ్బు రావచ్చు, కానీ ప్రొసీడింగ్స్‌లో పేరు ఉండకపోవచ్చు. అందుకే అడగరు. నడుం పట్టేసినా, కాళ్లు వాచినా, ఏప్రిల్‌లో కాగితం చేతికొచ్చేదాకా మైక్రోస్కోపు ముందు కూర్చుంటారు, రక్తం తీయడానికి నిలబడతారు.

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. కాన్పుకు ఆరు వారాల ముందు కాలం, దానికి ముందున్న ఒక నెల, ఈ రోజుల్లో గర్భిణి అడిగితే ఎక్కువసేపు నిలబడే పని, కష్టమైన పని ఆమెతో చేయించకూడదని చట్టంలో ఉంది. మే 20 కాన్పు అనుకుంటే ఆరు వారాల ముందు అంటే ఏప్రిల్ 8. దానికి ముందు నెల అంటే మార్చి 8 నుంచి. రెన్యువల్ కోసం నోరు మూసుకుని ఎదురుచూసే రోజులు, నిలబడే పని తప్పించమని అడిగే హక్కున్న రోజులు ఒకే నెలలో పడ్డాయి. హక్కు ఉన్నా నోరు తెరవదు, ఎందుకంటే నోరు తెరిస్తే కడుపుతో ఉన్న సంగతి అప్రైజల్ ఫారం నింపే మనిషికి అధికారికంగా తెలుస్తుంది. అందరికీ కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. కానీ కాగితం మీదికి రాకుండా ఉంటే చాలని అనుకుంటుంది. గర్భిణులకు హిమోగ్లోబిన్ చూసి, బీపీ చూసి, విశ్రాంతి తీసుకోమ్మా అని చెప్పి పంపే ఆరోగ్య కేంద్రంలోనే ఇలా జరగడం నాకు మింగుడుపడదు.

మెడికల్ ఆఫీసర్ల ఇబ్బంది కూడా నాకు తెలుసు. చాలా కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్ ఒక్కరే. ఆమె ఆరు నెలలు లేకపోతే కఫం పరీక్షలు, షుగరు పరీక్షలు, గర్భిణుల రక్తపరీక్షలు ఎవరు చేస్తారు? పక్క కేంద్రం టెక్నీషియన్‌ను వారానికి రెండు రోజులు డెప్యుటేషన్ మీద పంపితే రెండుచోట్లా పని కుంటుపడుతుంది. రెన్యువల్ సమయంలో "ఈమె బదులు వేరేవాళ్లను తీసుకుంటే పని ఆగదు కదా" అన్న ఆలోచన ఆ డాక్టరు గారికి రావడం దుర్మార్గం కాదు. ఆయన దగ్గర వేరే దారి లేదు. ఆ దారి మీరు చూపించాలి. 26 వారాలకు తాత్కాలికంగా మనిషిని తీసుకునే అధికారం జిల్లాకు ఇచ్చి, ఆ నియామక ఆదేశంలోనే "ఫలానా ఉద్యోగి సెలవు ముగించుకుని చేరిన రోజుతో ఈ నియామకం రద్దవుతుంది" అన్న వాక్యం రాయించండి. వచ్చిన తాత్కాలిక ఉద్యోగికీ మొదటి రోజే తన గడువు తెలుస్తుంది. సెలవులో ఉన్న మనిషికి తన సీటు ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. డాక్టరు గారికి ఆమె సెలవు భారంగా అనిపించదు.

ఇక అప్రైజల్ సంగతి. రెన్యువల్ ముందు ఏడాది పని చూస్తారు, చూడాలి కూడా. కానీ లెక్క ఎలా కడతారన్నది ముఖ్యం. ఏడాదికి 1,200 పరీక్షలు చేయాలని పెట్టుకున్నచోట ఒకామె ప్రసూతి సెలవు వల్ల ఆ ఏడాది ఆరు నెలలే పని చేసి 640 చేసిందనుకోండి. పన్నెండు నెలలకు కొలిస్తే ఆమె దాదాపు సగం పనే చేసినట్టు. పని చేసిన ఆరు నెలలకు కొలిస్తే 600 చేయాల్సిన చోట 640 చేసింది. ఒకే మనిషి, ఒకే పని. ఒక లెక్కలో వెనకబడింది, మరో లెక్కలో ముందుంది. మంజూరైన సెలవు రోజులను తీసేశాకే లక్ష్యాన్ని లెక్కగట్టాలని ఫారం మీదే అచ్చువేయించండి. రిమార్కుల గడిలో "తరచూ గైర్హాజరు" అని రాసే ముందు ఆ గైర్హాజరులో మంజూరైన సెలవు ఎంత, అనుమతి లేనిది ఎంత అని విడివిడిగా చూపించే గడి పెట్టించండి. ఈ గడి లేకపోవడం వల్ల నిజంగా పని ఎగ్గొట్టేవాళ్లూ, బిడ్డను కన్నవాళ్లూ ఒకే మాట కింద పడుతున్నారు.

రెన్యువల్ నిరాకరించడానికి సెలవే అసలు కారణమా అని కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. మూడు విషయాలు చూస్తే చాలు. పోస్టు కొత్త ఏడాదికీ మంజూరైందా? ఆ జిల్లాలో అదే పోస్టులో ఉన్న మిగతావాళ్లందరికీ రెన్యువల్ అయిందా? ఆమె స్థానంలో కొత్తవాళ్లను తీసుకోవడానికి నోటిఫికేషన్ ఇచ్చారా? మూడింటికీ అవుననే జవాబు వస్తే, పాత ఏడాదుల అప్రైజల్ బాగున్నప్పుడు, సెలవు తప్ప వేరే కారణం ఏముందో చూపించాల్సిన బాధ్యత కాగితం రాసినవాళ్ల మీద ఉండాలి. గర్భిణిగానో, ప్రసూతి సెలవులోనో ఉన్న ఉద్యోగికి రెన్యువల్ నిరాకరించే ప్రతి ఫైలూ కారణాలతో సహా మీ దగ్గరికి రావాలని, మీ సంతకం లేకుండా అది చెల్లదని ఒక్క వాక్యం రాస్తే ఆ ఫైళ్లు చాలావరకు పుట్టనే పుట్టవు.

దరఖాస్తు రాసేవాళ్లకు నేను చెప్పే మాటలు కూడా మీకు తెలియాలి. ఎందుకంటే మీ సర్క్యులర్‌లో అవి ఉంటే నేను చెప్పనక్కర్లేదు. చాలామంది ఇలా రాసి తెస్తారు: "నా కాంట్రాక్టు రెన్యువల్ అయినచో నాకు ప్రసూతి సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను." వినయంగా ఉంటుందనుకుంటారు. కానీ ఆ "అయినచో" అన్న షరతుతో, రెన్యువల్ కాకపోతే సెలవు వద్దని వాళ్లే రాసిచ్చినట్టవుతుంది. దాన్ని కొట్టేయిస్తాను. సెలవు దరఖాస్తులో రెన్యువల్ ఊసే ఉండకూడదు. కాన్పు తేదీ, సెలవు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, జతచేసిన డాక్టరు సర్టిఫికెట్, సెలవు కాలంలో ఇంకెక్కడా పని చేయనన్న మాట, డబ్బు ఎవరికి చెల్లించాలో ఆ పేరు, ఇంతే. రెన్యువల్ కోరుతూ వేరే కాగితం, వేరే తేదీతో ఇవ్వమంటాను. రెండూ తపాలు సెక్షన్లో ఇచ్చి, నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోమంటాను. చేతికి ఇచ్చి "సార్ చూస్తానన్నారు" అంటూ వచ్చేస్తే రేపు ఆ కాగితం ఉందనడానికి ఆధారమే ఉండదు.

ముందస్తు డబ్బు సంగతి కొందరికే తెలుసు. కాన్పుకు ముందు కాలానికి రావలసిన మొత్తాన్ని గర్భిణి అని రుజువు చూపగానే ముందుగానే ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చాక 48 గంటల్లో ఇవ్వాలి. మనవైపు నెలనెలా జీతం బిల్లుతో కలిపి పెట్టే అలవాటు ఉండటం వల్ల, కాంట్రాక్టు గడువు ముగియగానే బిల్లులోంచి పేరు పోతుంది, పేరుతోపాటు డబ్బూ ఆగుతుంది. ప్రసూతి మొత్తాన్ని జీతం బిల్లు నుంచి విడదీసి, మంజూరు ఉత్తర్వు మీద విడిగా చెల్లించే పద్ధతి పెడితే రెన్యువల్ ఆలస్యమైనా ఆ ఇంటికి డబ్బు చేరుతుంది. నా దృష్టిలో ఈ ఉత్తరంలో అన్నిటికన్నా సులువుగా చేయగలిగిన పని ఇదే.

ఏప్రిల్ ఒకటో తేదీ గురించి కూడా చెప్పాలి. కొత్త కాంట్రాక్టు మొదలైనప్పుడు జాయినింగ్ రిపోర్టు ఇవ్వమంటే, కాన్పు దగ్గరపడ్డ మనిషి ఆటోలో కూర్చుని జిల్లా కేంద్రానికి వెళ్లాలి. వెళ్లకపోతే ఆ రోజు నుంచి పోస్టు ఖాళీ అని రాసుకునే వీలుంటుంది. పాత, కొత్త కాంట్రాక్టుల మధ్య ఒకటి రెండు రోజుల బ్రేక్ పెట్టేచోట ఇంకా చిక్కు. బ్రేక్‌తో సెలవు కూడా తెగిపోయిందని, కొత్త కాంట్రాక్టులో మళ్లీ 80 రోజులు చేయాలని వాదించేవాళ్లున్నారు. చట్టం చూసేది కాన్పుకు ముందు పన్నెండు నెలల్ని. అందులో ఎన్ని కాంట్రాక్టు కాగితాలు ఉన్నాయన్నది చూడదు. సెలవులో ఉన్నవాళ్లు జాయినింగ్ రిపోర్టును ఇంటి నుంచే మెయిల్లోనో రిజిస్టర్డ్ పోస్టులోనో పంపవచ్చని, బ్రేక్ ఉన్నా సెలవు లెక్క ఆగకుండా సాగుతుందని స్పష్టంగా రాయండి.

ప్రసూతి కాని సెలవుల మాట కూడా కొంచెం చెబుతాను. తండ్రికి ఆపరేషనో, తనకే జబ్బో అయి మార్చి చివర్లో సెలవు కావలసినవాళ్లకు చట్టం ఇంత గట్టి అండ ఇవ్వదు. కాంట్రాక్టులో రాసిన షరతుల ప్రకారమే నడుస్తుంది. గడువు దాటే సెలవును పాత కాంట్రాక్టు కింద మంజూరు చేయడం కుదరదని ఆఫీసు అంటే ఆ మాటలో న్యాయం ఉంది. అలాంటప్పుడు మార్చి 31 దాకా ఒక దరఖాస్తు, ఏప్రిల్ 1 నుంచి మరో దరఖాస్తు ఇవ్వమంటాను. మొదటిదానికి జవాబు ఆలస్యం చేయడానికి మాత్రం కారణం ఉండకూడదు. అడిగిన వారం లోపల మంజూరో, తిరస్కారమో కారణంతో సహా కాగితం మీద వస్తే మనిషి తన ఏర్పాట్లు తాను చేసుకుంటాడు.

మీరిద్దరూ ఒక్కో సర్క్యులర్ ఇస్తే చాలు, కొత్త చట్టం అవసరం లేదు. దాన్ని జనవరిలోనే పంపండి, మార్చిలో కాదు. ప్రసూతి సెలవు దరఖాస్తుకు పది రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని, చట్టం ఇచ్చే పూర్తి కాలానికే మంజూరు చేయాలని, మంజూరు ఉత్తర్వులో సుప్రీంకోర్టు 2023 తీర్పును పేర్కొనాలని అందులో రాయండి. అప్పుడు ఏడు రోజులకు కోత పెట్టాలన్న ఆలోచన గుమాస్తాకే రాదు. ఫిబ్రవరి నెలాఖరుకు ప్రతి జిల్లా నుంచి రెండు జాబితాలు తెప్పించుకోండి: మార్చి 31తో గడువు ముగిసేవాళ్లది ఒకటి, ఆ గడువుకు అటూఇటూ ప్రసూతి సెలవు అడిగినవాళ్లది ఒకటి. రెండో జాబితాలో ఉన్నవాళ్ల రెన్యువల్ ప్రొసీడింగ్స్ అందరికన్నా ముందు ఇప్పించండి. రెండో జాబితా ఏ జిల్లా నుంచైనా ఖాళీగా వస్తే, అక్కడ గర్భిణులు లేరని అనుకోకుండా, ఒకసారి ఫోన్ చేసి అడగండి.

ఇట్లు,
మీ శాఖలో పనిచేసి రిటైరైన ఒక హెడ్ నర్సు